ఐదేళ్ల వయసు ఫోటోను 38 ఏళ్ల మనిషితో పోల్చి ఒకరేనని చెప్పవచ్చునా?

గౌతమి_తీరం

సభ్యులందరికీ నమస్కారం. 1991 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళినప్పుడు స్నానఘట్టం దగ్గర జనంలో మా తమ్ముడు తప్పిపోయాడు. అప్పటికి వాడికి ఐదేళ్లు నిండి రెండు నెలలు. ఆ సంక్రాంతికి స్టూడియోలో తీయించిన పోస్టుకార్డు సైజు నలుపు తెలుపు ఫోటో ఒక్కటే వాడి గుర్తుగా మిగిలింది.

రెండు నెలల క్రితం మా పెదనాన్నగారి అబ్బాయి బళ్లారి బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు నడుపుతున్న ఒకాయనను చూసి, అచ్చం మా నాన్నగారి పోలికలే ఉన్నాయని నిర్ఘాంతపోయి, మాటలు కలిపి వివరాలు అడిగాడు. ఆయన అనాథాశ్రమంలో పెరిగారట. సుమారు ఆరేళ్ల వయసులో రైల్వే స్టేషనులో దొరికినట్లు అక్కడి రిజిస్టరులో రాసి ఉందని, అంతకు ముందు సంగతులేవీ తనకు గుర్తు లేవని చెప్పారు. అడిగిన వెంటనే ఫోటో తీసుకోనిచ్చారు.

మా ఫోటోలో తమ్ముడికి ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంది, ముక్కు చప్పిడిగా ఉంది, కళ్ళు ఎడంగా ఉన్నాయి. ఈయన ముక్కు కోటేరు వేసినట్లుంది, దవడ వెడల్పు, బుగ్గ మీద సొట్ట లేదు, కుడి చెంపన పుట్టుమచ్చ ఉంది. ఆయనను చూసి వచ్చిన ఆ అన్నయ్య మాత్రం చెవులు చూడండి చాలు అంటున్నాడు. అమ్మ ఫోటో చూసి, కళ్ళు వాడివి కావని చెప్పి పక్కన పెట్టేసింది. ఈ రెండు ఫోటోల పోలికను ఎంతవరకు నమ్మవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

కొత్తసభ్యుడు_77

పాత ఫోటోలను బాగు చేసే దుకాణాలు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. మచ్చలు, మడతలు తీసేసి రంగులు కూడా అద్ది ఇస్తారు. ముందు ఆ పని చేయించుకుంటే ముఖం స్పష్టంగా కనిపించి గుర్తుపట్టడం తేలికవుతుంది.

స్టూడియో_బాబాయి

అయ్యా, ఆవిడ అడిగినది ఫోటో బాగు చేయించుకోవడం గురించి కాదు. పైగా ఈ సందర్భంలో ఆ పని అసలు చేయించకూడదు. నేను ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. ఆ రోజుల్లో నెగటివ్ మీదే పెన్సిలుతో టచింగ్ చేసేవాళ్ళం, బుగ్గ మీద మచ్చ ఉంటే అడగకుండానే తీసేసేవాళ్ళం, పిల్లల కళ్ళలో మెరుపు కోసం తెల్లచుక్క పెట్టేవాళ్ళం. కాబట్టి పుట్టుమచ్చ పాత ఫోటోలో లేదు, ఇప్పుడు ఉంది అన్న తేడాకు విలువ ఇవ్వకండి.

ఇంకొక సంగతి. ప్రింటు వేసే ఎన్‌లార్జరులో నెగటివ్ తిరగబడితే ఎడమ కుడి అయిపోతుంది. చొక్కా గుండీల పట్టీ ఏ వైపు ఉందో, జేబు ఏ వైపు ఉందో చూసి ప్రింటు సరైనదేనా అని తేల్చుకోవాలి. మగపిల్లవాడి చొక్కాకు జేబు ఎడమ వైపు ఉంటుంది. మీ ఫోటోలో అది పిల్లవాడి కుడి వైపు కనిపిస్తే, ఎడమ బుగ్గ సొట్ట అని మీరు అనుకుంటున్నది నిజానికి కుడి బుగ్గది అన్నమాట.

శేషు_మాష్టారు

ముక్కు, దవడ మారతాయన్నది అందరికీ తెలిసినదే. మారనివి రెండున్నాయి. ఒకటి కళ్ళ మధ్య దూరం, రెండవది చెవి. చెవి వేలిముద్ర లాంటిది, పుట్టినప్పటి ఆకారమే చనిపోయే వరకూ ఉంటుంది. కనుక మీ అన్నయ్యగారు చెప్పినదే సరైన దారి. రెండు చెవులనూ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

విశ్రాంత_బోధకుడు

నేను వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ మెడిసిన్ బోధించి పదవీ విరమణ చేశాను. మాష్టారుగారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఆ సగమే ప్రమాదం తెచ్చిపెడుతుంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఐదేళ్ల పిల్లవాడి తల పెద్దవాడి తలకు చిన్న నమూనా కాదు. మెదడును కప్పి ఉంచే పుర్రె భాగం ఐదారేళ్లకే దాదాపు తొంభై శాతం పెరిగిపోతుంది. దాని కింద వేలాడే ముఖం మాత్రం అప్పటికి పని మొదలుపెట్టిందంతే. అందుకే పసివాడి ముఖాన్ని ఎదురుగా చూస్తే నుదురు విశాలంగా, కళ్ళు తల ఎత్తులో సగం కంటే కిందకు ఉన్నట్లు కనిపిస్తాయి. తరువాతి పదిహేనేళ్లలో పై దవడ, కింది దవడ కిందికీ ముందుకీ పెరుగుతూ రావడంతో అవే కళ్ళు తల మధ్యకు చేరినట్లు అనిపిస్తాయి. కళ్ళు కదలలేదు, వాటి కింద ముఖం పొడవు పెరిగింది. కింది దవడ అన్నిటికంటే ఆలస్యంగా ఆగుతుంది, మగపిల్లల్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఈ మనిషి వెడల్పాటి దవడ మీ తమ్ముడి ఫోటోలో ఉండే అవకాశమే లేదు. అది ఉండకపోవడం ఏ వైపుకూ సాక్ష్యం కాదు.

ముక్కు సంగతీ అంతే. చిన్నప్పుడు ముక్కుదూలం పల్లంగా ఉంటుంది. దాని వలన కళ్ళ లోపలి మూలల మీదికి చర్మం కొంచెం మడత పడి, కళ్ళు ఎడంగా ఉన్నట్లో, ఒక్కొక్కప్పుడు మెల్ల ఉన్నట్లో కనిపిస్తుంది. దూలం లేచిన కొద్దీ ఆ మడత విప్పుకుంటుంది. మీ అమ్మగారు కళ్ళు వాడివి కావన్నది తల్లి మాటే గాని, ఆవిడ మనసులో ఉన్న కళ్ళు చప్పిడి ముక్కుకు ఇరువైపులా ఉన్న కళ్ళు. ఇక కనుపాపల మధ్య దూరం మారదన్నది పొరపాటు. ఐదేళ్లకు సుమారు ఐదు సెంటీమీటర్లు ఉండేది పెద్దయ్యేసరికి ఆరుకు పైగా అవుతుంది. బుగ్గ సొట్ట పసితనపు కొవ్వు కరిగాక మాయం కావచ్చు, కొందరికి నిలవవచ్చు. గడ్డం మీది గాటు అంతకంటే నమ్మదగినదే కాని, మీరు దాని ప్రస్తావన చేయలేదు.

ఇది పెరుగుదల. దాని మీద వృద్ధాప్యం మరొక పొర వేస్తుంది. ముప్పై దాటాక బుగ్గల్లోని కొవ్వు కిందికి జారుతుంది, పెదవులు పలచబడతాయి, కంటి గుంటల అంచు ఎముక నెమ్మదిగా అరుగుతుంది, ముక్కు కొన కొద్దిగా వాలుతుంది, పళ్ళు ఊడితే దవడ ఎత్తు తగ్గుతుంది. ముప్పై ఏళ్ల వాడి ఫోటోను అరవై ఏళ్ల వాడితో పోల్చినప్పుడు ఈ మార్పులన్నీ ఉంటాయి గాని, ఎముకల అమరిక మాత్రం చాలావరకు అదే. మీరు అడుగుతున్నది దానికంటే చాలా కష్టమైనది, ఎందుకంటే మీ మొదటి ఫోటో ఆ అమరిక ఏర్పడక ముందుది.

చెవి గురించి రేపు రాస్తాను.

రమణి_విజయనగరం

బోధకుడుగారి మాటలకు నా అనుభవం ఒకటి చేర్చుతాను. మా పెళ్ళయిన తరువాత మా అత్తగారి ఇంట్లో అద్దాల బీరువాలో ఒక పాప ఫోటో ఉండేది. అది నా భర్త చిన్నప్పటిదని, అప్పట్లో జుట్టుకు మొక్కు ఉండి జడ వేశారని అందరూ చెప్పేవారు. నేను కూడా మా అబ్బాయిని పక్కన పెట్టి చూసి, అదే ముక్కు, అదే నవ్వు అని మురిసిపోయేదాన్ని. మా చిన్నత్తగారు ఊరి నుండి వచ్చి, అది తన కూతురి ఫోటో అని, వెనుక స్టూడియో ముద్రతో పాటు తేదీ ఉంటుందని చెప్పి ఫ్రేము విప్పించారు. ఆ తేదీకి నా భర్త పుట్టనే లేదు. ఇరవై ఏళ్లు ఇంటిల్లిపాదీ తప్పు బిడ్డలో సరైన పోలికలు చూశాం.

గౌతమిగారూ, మీ దగ్గర ఉన్నది మీ తమ్ముడి ఫోటోయేనని ఖాయమేనా అని అడగడం మర్యాద కాదేమో గాని, అడుగుతున్నాను.

గౌతమి_తీరం

రమణిగారూ, అది వాడిదే. ఆ రోజు నేను పక్కనే నిలబడి ఏడ్చాను, నన్ను ఫోటోలో నిలబెట్టలేదని. బాబాయిగారూ, చొక్కా జేబు వాడి ఎడమ వైపే ఉంది, కాబట్టి ప్రింటు సరైనదే అనుకుంటాను.

విశ్రాంత_బోధకుడు

చెవి మిగిలిన ముఖం కంటే ముందే పెరుగుతుంది, ఏడెనిమిదేళ్లకు పెద్దవాళ్ళ చెవిలో చాలా భాగం వచ్చేస్తుంది, లోపలి గట్లు, గుంటల తీరు పెద్దగా మారదు. మాష్టారుగారి సగం నిజం ఇదే. ఇక రెండవ సగం. చెవి జీవితాంతం సాగుతూనే ఉంటుంది. 1995లో ఇంగ్లండులోని వైద్యులు కొలిచి చూసినప్పుడు ముప్పై దాటినవారిలో సగటున ఏడాదికి 0.22 మిల్లీమీటరు పెరుగుతున్నట్లు తేలింది. మన పిల్లలకు చెవులు కుట్టిస్తాం, తమ్మె ఆకారం దానితో కొంత మారుతుంది. వీటన్నిటినీ మించి, స్టూడియో ఫోటోలో చెవి ఎదురుగా కాకుండా ఏటవాలుగా కనిపిస్తుంది, దాని మీద జుట్టూ నీడా పడతాయి. పోస్టుకార్డు సైజు ఫోటోలో పిల్లవాడి చెవి మహా అయితే నాలుగైదు మిల్లీమీటర్లు. దాన్ని పెద్దది చేస్తే కనిపించేది చెవి కాదు, ఫోటో కాగితపు రేణువులు.

చెవి మీద పందెం కాసిన రెండు కేసులు చెబుతాను, రెండూ ప్రపంచమంతటికీ తెలిసినవే.

మొదటిది. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 1994లో ఒక 13 ఏళ్ల బాలుడు తప్పిపోయాడు. మూడేళ్ల తరువాత స్పెయిన్ నుండి ఒకడు నేనే ఆ పిల్లవాడినని ఫోను చేయగా, ఆ కుటుంబం వెళ్ళి తెచ్చుకుంది. వాడు ఫ్రెడరిక్ బూర్డెన్ అనే ఫ్రెంచివాడు, అప్పటికి 23 ఏళ్లు. తప్పిపోయిన పిల్లవాడి కళ్ళు నీలం, వీడివి గోధుమ రంగు. అయినా కొన్ని నెలలు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఒక ప్రైవేటు డిటెక్టివు పాత ఫోటోలోని చెవితో ఇతని చెవిని పోల్చి అనుమానపడ్డాడు, 1998లో వేలిముద్రలు, డీఎన్‌ఏ ఆ అనుమానాన్ని నిజం చేశాయి.

రెండవది. 1920లో బెర్లిన్‌లో ఒక కాలువ నుండి బయటికి తీసిన స్త్రీ, కొంతకాలానికి తాను రష్యా చక్రవర్తి కుమార్తె అనస్తాసియానని చెప్పుకుంది. తరువాత అన్నా అండర్సన్ పేరుతో ప్రసిద్ధురాలయింది. అసలు అనస్తాసియా 1918లో 17 ఏళ్ల వయసులో కుటుంబంతో పాటు హత్యకు గురైంది, కాబట్టి పోల్చడానికి ఉన్నవన్నీ బాల్యం, కౌమారం నాటి ఫోటోలే. హాంబర్గ్ కోర్టుల్లో ఏళ్ల తరబడి ఈ పోలికల మీద వాదనలు జరిగాయి. ఓటో రెష్ అనే మానవశాస్త్రవేత్త ముఖాలు పోల్చి, ఆమె అనస్తాసియాయే అన్నాడు. 1970లలో మరొక జర్మన్ నిపుణుడు కుడి చెవిలో 17 చోట్ల పోలిక కుదిరిందని ప్రకటించాడు. 1984లో ఆమె చనిపోయింది. అంతకు ముందు అమెరికాలో జరిగిన శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్క ఆసుపత్రిలో భద్రంగా ఉండడం వలన, 1994లో డీఎన్‌ఏ పరీక్ష సాధ్యమైంది. రష్యా రాజకుటుంబంతో ఏ సంబంధమూ లేదని, పోలండు ప్రాంతానికి చెందిన ఫ్రాన్సిస్కా షాంజ్‌కోవ్‌స్కా కుటుంబంతో సరిపోతుందని తేలింది.

ఒకే అవయవం ఒక కేసులో నిజం చెప్పింది, ఇంకొక కేసులో నిపుణుణ్ణే మోసం చేసింది. తేడా చెవిలో లేదు, అడిగిన ప్రశ్నలో ఉంది. స్పష్టమైన ఫోటోలో చెవి గట్టు వేరే రకంగా ఉంటే వీడు వాడు కాదని చెప్పవచ్చు. గట్టు సరిపోయిందంటే, అలాంటి గట్టు ఉన్న లక్షలాది మందిలో వీడు ఒకడని మాత్రమే అర్థం.

శేషు_మాష్టారు

పేగు ముక్క ఆవిడదేనని ఎవరు చూశారు? ఆసుపత్రిలో మారిపోయి ఉండవచ్చు కదా. 17 చోట్ల కుదరడం మాత్రం యాదృచ్ఛికం ఎలా అవుతుందో నాకు బోధపడడం లేదు.

విశ్రాంత_బోధకుడు

ఆ సందేహం అప్పట్లోనూ వచ్చింది. ఆమె తల వెంట్రుకలు వేరుగా దొరికితే వాటినీ పరీక్షించారు, అవీ పేగు ముక్కతోనే సరిపోయాయి. పైగా ఒకవేళ ముక్క మారిపోయి ఉంటే, అది సరిగ్గా చాలా ఏళ్లుగా అనుమానిస్తున్న షాంజ్‌కోవ్‌స్కా వంశానికే చెందడం ఎలా కుదిరింది? పదిహేడు చోట్ల కుదరడం గురించి చెప్పాలంటే, ఎన్ని చోట్ల చూస్తే పదిహేడు కుదిరాయి, ఏ సంబంధమూ లేని వెయ్యి మందిలో ఎంతమందికి పదిహేడు కుదురుతాయి అన్న లెక్క ఆ నివేదికకు వెనుక లేదు. వేలిముద్రలకు ఉన్నంత అనుభవం చెవికి లేదు.

నిశిత_డాలస్

నేను ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. తప్పిపోయిన పిల్లల కోసం తెలంగాణ పోలీసులు 2018 నుండి వాడుతున్న దర్పణ్ లాంటి వ్యవస్థలు ఉన్నాయి కదా, వాటిలో వేస్తే తేలదా అని ఎవరైనా అడిగే లోపే నేనే చెబుతాను. వాటితో మేలు జరగలేదని కాదు. ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాలుడిని ఐదేళ్ల తరువాత, 2020లో, అస్సాంలోని బాలల కేంద్రంలో ఆ విధంగానే కనిపెట్టారు. కాని అక్కడ యంత్రం ఇచ్చింది ఆచూకీ మాత్రమే, తేల్చింది కుటుంబం.

లెక్క ఇలా ఉంటుంది. ఒక వ్యవస్థ వెయ్యి మంది అపరిచితుల్లో ఒక్కరిని మాత్రమే పొరపాటున మీవాడని చూపుతుందని అనుకుందాం. వినడానికి గొప్పగా ఉంటుంది. నలభై వేల ఫోటోలున్న జాబితాలో వెదికితే నలభై మంది తప్పు మనుషులు వరుసలో నిలబడతారు, మీవాడు ఆ వరుసలో ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు. ఇక వయసు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మన దేశపు పిల్లలు 919 మంది ఫోటోలను, 2 నుండి 18 ఏళ్ల మధ్య, ఒక్కొక్కరివి గరిష్ఠంగా ఆరేళ్ల వ్యవధిలో సేకరించి పరీక్షించారు. ఆ ఆరేళ్లలోనే సంవత్సరాలు పెరిగే కొద్దీ యంత్రాల కచ్చితత్వం పడిపోతూ వచ్చింది. గౌతమిగారి ఫోటోల మధ్య ఎడం ముప్పై ఏళ్లు దాటింది.

ఆధార్ నిబంధనలే చూడండి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఫోటో ఉన్నా, దాన్ని నమ్మి తల్లిదండ్రులతో ముడి వేయకుండా వదలరు, ఐదేళ్లకు ఒకసారి, పదిహేనేళ్లకు మరొకసారి ఫోటో, వేలిముద్రలు, ఐరిస్ తీసుకోవాలంటారు.

కొత్తసభ్యుడు_77

క్షమించండి, నేను ప్రశ్నను సరిగ్గా చదవలేదు. అయితే ఆ పిల్లవాడు ఇప్పుడు ఎలా ఉంటాడో బొమ్మ గీసి చూపించే చిత్రకారులు ఉంటారు కదా, ఆ బొమ్మతో ఈయనను పోల్చవచ్చు కదా?

విశ్రాంత_బోధకుడు

మంచి ప్రశ్న, కాని ఇందులో ఒక తిరకాసు ఉంది. అలాంటి బొమ్మ గీసేవారు పిల్లవాడి ఫోటోతో పాటు తండ్రి, అన్నదమ్ములు ఆ వయసులో ఎలా ఉండేవారో ఫోటోలు తీసుకుంటారు. దవడ, ముక్కు అక్కడి నుండే వస్తాయి. బజారులో చూసినవారెవరైనా ఫోను చేస్తారన్న ఆశతో ప్రకటన వేయడానికి అది పనికివస్తుంది. కాని ఆ బొమ్మతో బళ్లారి మనిషిని పోల్చితే మనం పోల్చేది గౌతమిగారి నాన్నగారితో. ఆ పోలిక ఇప్పటికే పెదనాన్నగారి అబ్బాయి చూసేశాడు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆయన ఎలా దొరికాడు? నాన్నగారి పోలికలు ఉన్నాయనే కదా ఆయనను పలకరించారు. బస్టాండులో వేలమందిని దాటి వచ్చి, పోలిక ఉన్నవాణ్ణే ఎంచుకున్నాక, పోలిక ఉందని మళ్ళీ సాక్ష్యంగా చెప్పడం ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టడం. పోలికకు సంబంధం లేనివి ఏమైనా ఉన్నాయా అని వెదకాలి. రిజిస్టరులో దొరికిన తేదీ, ఏ స్టేషను, అప్పుడు మాట్లాడిన భాష, కాలిన మచ్చలు, కుట్లు.

రమణి_విజయనగరం

తలలో సుడి ఎక్కడుందో చూడమనండి. మా వైపు రెండు సుడులున్న పిల్లవాణ్ణి ఎవరూ మరచిపోరు.

విశ్రాంత_బోధకుడు

రమణిగారు సరదాగా అన్నారేమో గాని, సుడి పుట్టకముందే ఏర్పడి అక్కడే ఉంటుంది. తమ్ముడికి రెండు సుడులుండి, ఈయనకు ఒకటే ఉంటే అది వ్యతిరేక సాక్ష్యమే. బట్టతల వచ్చి ఉండకపోతే చూడవచ్చు.

గౌతమి_తీరం

మీ అందరి మాటలు చదివాక నేను ఆయనతో ఫోనులో మాట్లాడాను. రిజిస్టరు నకలు పంపారు. దొరికిన తేదీ 1992 జనవరి, గుంతకల్లు స్టేషను. పుష్కరాలు 1991 ఆగస్టులో. మధ్య ఐదు నెలలు ఎక్కడున్నాడో రాయలేదు. మాట్లాడే భాష అన్న గడిలో "తెలుగు, కొంచెం" అని ఉంది. మా తమ్ముడు తెలుగు తప్ప మరొకటి ఎరుగడు, కొంచెం ఎలా అవుతుంది? సుడి ఒకటే అట, మా వాడికి ఎన్ని ఉండేవో అమ్మకు గుర్తు లేదు, నాకూ లేదు.

ఇప్పుడు నా ప్రశ్న. నాన్నగారు లేరు. అమ్మకు 71 ఏళ్లు. నా నమూనా ఇస్తే సరిపోతుందా, అమ్మనే అడగాలా? ఆవిడను ఇందులోకి లాగడం నాకు ఇష్టం లేదు.

విశ్రాంత_బోధకుడు

భయపడి ఐదేళ్లుగా ఒక్క మాట ఆడని పిల్లలను నేను చూశాను, "కొంచెం" అన్న మాట గుమాస్తాది కూడా కావచ్చు. దాని మీద ఏదీ కట్టకండి.

డీఎన్‌ఏ విషయంలో మాత్రం మీ అమ్మగారి నమూనాయే కావాలి. తల్లీ బిడ్డలైతే పరీక్షించే ప్రతి చోటా తల్లికున్న రెండు రూపాల్లో ఒకటి బిడ్డలో ఉండి తీరాలి. ఎప్పుడైనా ఉత్పరివర్తన వలన ఒకచోట తప్పినా, సంబంధం లేని మనిషికి చాలాచోట్ల తప్పుతుంది కనుక జవాబు స్పష్టంగా వస్తుంది. అక్కాతమ్ముళ్ళకు ఆ నియమం లేదు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఒకచోట రెండూ పంచుకోవచ్చు, మరొకచోట ఏమీ పంచుకోకపోవచ్చు. అందువలన మీ ఒక్కరి నమూనాతో "అవకాశం ఉంది" అన్న నివేదిక వచ్చి, మీరు ఇప్పుడున్న చోటనే ఉండిపోవచ్చు. తల్లి నుండి పిల్లలందరికీ వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను మీ ఇద్దరిలో పోల్చితే కాదని తేల్చవచ్చు, అవునని మాత్రం తేల్చలేము. పెదనాన్నగారి అబ్బాయి ఇస్తే వై క్రోమోజోము పోల్చి వంశం కాదని చెప్పవచ్చు, అదీ అంతవరకే. అమ్మగారికి రక్తం కూడా అక్కరలేదు, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు.

శేషు_మాష్టారు

నా అభిప్రాయం మారలేదు, అయినా పరీక్ష చేయించండి. ఫలితం వచ్చాక చెవుల ఫోటో కూడా ఇక్కడ పెట్టండి.

గౌతమి_తీరం

నిన్న రాత్రి అమ్మకు చెప్పాను. ఆ బళ్లారి అబ్బాయిని ఫోటోలో కాక ఎదురుగా చూడాలని అడిగింది. ముందు దూదిపుల్ల, ఆ తరువాతే చూపు అని నేను పట్టుబట్టాను, ఎందుకంటే ఒకసారి ఎదురుగా చూస్తే ఆవిడ ఏ నివేదికనూ నమ్మదని నాకు తెలుసు. ఆయన కూడా అదే కోరారు. ఇద్దరి నమూనాలూ వచ్చే సోమవారం ఇస్తున్నాం. మాష్టారుగారూ, ఆయన ఫోటో ఇక్కడ పెట్టే హక్కు నాకు లేదు, మన్నించాలి.